పదాల పరీక్ష ప్రాజెక్టు డైరీ: మార్కులు నిలకడగానే వచ్చాయి, కొలిచింది మాత్రం జ్ఞాపకశక్తిని కాదు

ఆంధ్ర సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఫస్టియర్ సైకాలజీ పిల్లలతో చేసిన ఒక ప్రాక్టికల్ ప్రాజెక్టు డైరీ ఇది. పదాల జాబితా ఇచ్చి, ఎన్ని గుర్తున్నాయో లెక్కబెట్టి జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్ష ఒకటి సొంతంగా తయారుచేశాం. విశ్వసనీయతకూ సప్రమాణతకూ, అంటే రిలయబిలిటీకీ వాలిడిటీకీ తేడా రాయమంటే ఫస్టియర్‌లో అందరూ రాసేస్తారు. మళ్ళీ మళ్ళీ కొలిచినా ఒకే ఫలితం రావడం మొదటిది, కొలవాలనుకున్నదాన్నే కొలవడం రెండోది. ఆ రెండు వాక్యాలు బట్టీ పట్టినవాళ్ళకి కూడా, మొదటిది బ్రహ్మాండంగా ఉండి రెండోది లేని పరీక్ష చేతికొస్తే గుర్తుపట్టడం కష్టం. మాకు అలాంటి పరీక్షే తయారైంది. ఎలా తయారైందో, ఎలా పట్టుకున్నామో, ఏం మార్చామో వరసగా రాస్తున్నాను. ఇంట్లో ఒక భాష, బళ్ళో ఒక భాష ఉన్న ఊళ్ళో పనిచేసేవాళ్ళకి ఇది నేరుగా పనికొస్తుంది.

దశ 1: పరీక్ష తయారీ

కావలసినవి: తెల్ల కార్డులు, స్టాప్‌వాచ్ (ఫోన్‌లోది చాలు), జవాబు కాగితాలు, లెక్కలకి ఒక స్ప్రెడ్‌షీట్.

జాబితాకి పదాలు ఎంచుకునేటప్పుడు ఒకటే నియమం పెట్టుకున్నాం: వింటే ప్రతి ఒక్కరికీ అర్థమయ్యే మాటే ఉండాలి. గొడుగు, కాకి, తాళం, చెరువు, నిచ్చెన, సబ్బు, కొబ్బరి, గంట, దారం, పిల్లి, కిటికీ, చీపురు, వాన, కుర్చీ, బొబ్బాసి. ఇది మొదటి జాబితా. పుస్తకాల్లో బొప్పాయి అని రాసినా ఇక్కడ అందరూ అనేది బొబ్బాసి అనే, అందుకే అదే పెట్టాం. ఇదే తరహాలో రెండో జాబితా తయారుచేశాం. ఒకే జాబితా రెండుసార్లు ఇస్తే రెండోసారి పాత జ్ఞాపకం కలిసిపోతుంది కాబట్టి జోడీ జాబితా తప్పదు.

పరీక్ష పెట్టిన పద్ధతి:

1. జాబితా అచ్చువేసిన కార్డు బోర్లా పెట్టి ఇవ్వాలి.
2. చెప్పగానే తిప్పి 20 సెకన్లు చూడాలి. అంతకంటే ఎక్కువ ఇస్తే చాలామందికి 14, 15 వచ్చేసి, మనిషికీ మనిషికీ తేడా తెలియడం లేదు.
3. కార్డు తీసేసుకుని 90 సెకన్లలో గుర్తున్నవి ఏ వరసలోనైనా రాయమనాలి.
4. సరైన పదానికి ఒక మార్కు. అక్షరదోషాలకి మార్కు తగ్గించకూడదు.

లెక్క ఇప్పటికి: జాబితాలు 2, విద్యార్థులు 34 మంది, గరిష్ఠ మార్కు 15.

దశ 2: రిలయబిలిటీ లెక్క

మొదటి జాబితా ఇచ్చిన రెండు వారాలకి రెండోది ఇచ్చాం. ఇద్దరు ఆ రోజు రాలేదు, 32 మంది మిగిలారు. రెండు మార్కులూ ఎంతగా కలిసి నడుస్తున్నాయో చెప్పే సహసంబంధ గుణకం, అంటే r, 0.82 వచ్చింది. 0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా కలిసినట్టు. తరగతిలో తయారుచేసిన పరీక్షకి ఇది చాలా మంచి అంకె.

చేత్తో లెక్క వేయడం నేర్చుకోవడానికి ఎనిమిది మంది మార్కులు విడిగా తీశాం. పేర్ల బదులు అక్షరాలు పెట్టాను. చివరి నిలువు వరస సంగతి దశ 4లో వస్తుంది.

| విద్యార్థి | మొదటి జాబితా | రెండో జాబితా | నిమిషానికి చదివిన విడి పదాలు |
|---|---|---|---|
| క | 12 | 12 | 82 |
| చ | 6 | 7 | 38 |
| ట | 9 | 11 | 48 |
| త | 5 | 5 | 44 |
| ప | 11 | 9 | 90 |
| మ | 7 | 6 | 30 |
| ర | 10 | 12 | 76 |
| స | 4 | 6 | 40 |

మొదటి జాబితా సగటు 8, రెండోదాని సగటు 8.5. ప్రతి మార్కులోంచి దాని సగటు తీసేసి, ఒక్కొక్కరి రెండు తేడాల్నీ గుణించి కూడితే 51 వస్తుంది. మొదటి జాబితా తేడాల వర్గాల మొత్తం 60, రెండోదానిది 58.

```
r = 51 / √(60 × 58) = 51 / 58.99 = 0.86
```

షీట్‌లో అయితే ఒక్క గడిలో పని అయిపోతుంది:

```
=CORREL(B2:B9,C2:C9)
```

క ముందూ పైనే ఉంది, తర్వాతా పైనే ఉంది. త ముందూ కిందే, తర్వాతా కిందే. రిలయబిలిటీ చెప్పేది ఇంతే: మనుషుల మధ్య ఈ పరీక్ష చూపించిన తేడాలు రెండు వారాల తర్వాత కూడా అలాగే నిలిచాయి. ఆ తేడాలు దేని వల్ల వచ్చాయన్నది ఈ అంకెలో ఎక్కడా లేదు. తరగతిలో సగం మంది 0.82 చూసి "పరీక్ష బాగుంది" అని రికార్డులో రాసేశారు. ఆ వాక్యం కొట్టేయించి "మార్కులు నిలకడగా ఉన్నాయి" అని మాత్రమే రాయించాను. ఈ దశలో అంతకు మించి రాసే హక్కు మనకి లేదు.

లెక్క ఇప్పటికి: మిగిలినవారు 32. రిలయబిలిటీ 0.82. వాలిడిటీకి సాక్ష్యం: ఏమీ లేదు.

దశ 3: జవాబు కాగితాల్లో కనిపించిన ఖాళీ

మార్కుల మొత్తం చూసి ఊరుకోకుండా, ఎవరికి ఏ పదాలు గుర్తున్నాయో కూడా గుర్తుపెట్టమన్నాను. కార్డు మీద ఒకటో పదం నుంచి పదిహేనో పదం దాకా గడులు గీసి, గుర్తున్న పదం దగ్గర టిక్కు పెట్టడమే. పదినిమిషాల పని. ప్రాజెక్టు మొత్తంలో దీనికంటే లాభం ఇచ్చిన పని ఇంకోటి లేదు.

పైన మార్కులు వచ్చినవాళ్ళ టిక్కులు జాబితా అంతటా పరుచుకుని ఉన్నాయి. కింద మార్కులు వచ్చినవాళ్ళలో చాలామందికి చివరి అయిదు గడుల్లో ఒక్క టిక్కూ లేదు. జ్ఞాపకశక్తి తక్కువైతే అక్కడో పదం ఇక్కడో పదం పోవాలి. ఇలా కత్తితో కోసినట్టు చివరి ముక్క మొత్తం పోవడానికి మరుపు కారణం కాదు.

మ అనే అమ్మాయిని పిలిచి, ఇంకో కార్డు ఇచ్చి, పక్కనే కూర్చుని చూశాను. తెలుగింటి పిల్ల, చదువంతా ఒడియా మీడియం. కార్డు తిప్పగానే చూపుడువేలు మొదటి పదం కింద పెట్టింది. పెదాలు కదుపుతూ, కూడబలుక్కుని, ఒత్తు దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చదువుతోంది. 20 సెకన్లు అయ్యేసరికి వేలు పదో పదం మీద ఉంది.

"మిగతావి చూళ్ళేదా అమ్మా?" అన్నాను.

"అంతవరకూ వెళ్ళలేదు మేడమ్. తెలుగు మాటాడ్డం వచ్చు, చదవడమే మెల్లగా వస్తాది. నా మెమొరీ తక్కువేనా మేడమ్?"

మొదటి విడతలో ఆమెకి వచ్చింది 7. ఆమె కాగితంలో ఆ ఏడూ మొదటి పది పదాల్లోవే. పది చదివి ఏడు గుర్తుపెట్టుకున్న పిల్ల తన జ్ఞాపకశక్తి మీదే అనుమానపడుతోంది. ఆమె ప్రశ్న నన్ను చాలా బాధపెట్టింది. 0.82 అన్న అంకె ఆ అనుమానాన్ని నిజమని ఒప్పిస్తుందే తప్ప తప్పని చెప్పదు. ఎన్నిసార్లు పరీక్ష పెట్టినా ఆమెకి ఆరో ఏడో వస్తాయి. అది చూసి "సందేహమే లేదు, ప్రతిసారీ తక్కువే వస్తోంది" అని అనేవాళ్ళే ఎక్కువ. తరగతిలో ఎవరికీ వ్యక్తిగత మార్కు చెప్పకూడదని ఆ రోజే నిర్ణయించాం. వాలిడిటీ తేలని మార్కు మనిషికి చెప్పడం అన్యాయం.

దశ 4: అనుమానాన్ని అంకెలో పెట్టడం

ఒక్కరిని చూసి తీర్పు చెప్పలేం. చదివే వేగమే మార్కుని నడిపిస్తోందన్నది మా అనుమానం. దాన్ని పరీక్షించాలంటే చదివే వేగాన్ని విడిగా కొలవాలి.

1. జాబితాల్లో లేని వంద తేలిక తెలుగు పదాలు ఒక కాగితం మీద అచ్చువేయాలి.
2. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఒక నిమిషం పైకి చదివించాలి.
3. సరిగ్గా చదివిన పదాల్ని లెక్కబెట్టాలి. చదివి తప్పు దిద్దుకుంటే సరైనదే.

అలా వచ్చినవే పై పట్టికలో చివరి నిలువు వరస అంకెలు. క, ప, ర ముగ్గురూ సరిహద్దు అవతల పాతపట్నం వైపు తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. మిగతా అయిదుగురివీ తెలుగిళ్ళే, బళ్ళో ఒడియా. మొదటి జాబితాలో ఆ ముగ్గురి సగటు 11, ఈ అయిదుగురి సగటు 6.2.

ఇక లెక్క. చదివిన పదాల సగటు 56. వాటి తేడాల వర్గాల మొత్తం 3696. మొదటి జాబితా తేడాలతో గుణించి కూడితే 400.

```
r = 400 / √(60 × 3696) = 400 / 470.9 = 0.85
```

ఈ ఎనిమిది మందిలో జ్ఞాపకశక్తి పరీక్షకి తన జోడీ పరీక్షతో ఉన్న సంబంధం 0.86, చదివే వేగంతో ఉన్న సంబంధం 0.85. దాదాపు ఒకటే. ఎనిమిది మంది లెక్క నేర్చుకోవడానికే తప్ప నమ్మడానికి చాలరు. 32 మందికీ వేసినా 0.74 వచ్చింది. మ విషయంలో కార్డు మీద ఆగిన వేలు కూడా సరిపోయింది: నిమిషానికి 30 పదాలంటే 20 సెకన్లకి 10. నిమిషానికి 82 చదివే క అదే 20 సెకన్లలో జాబితాని దాదాపు రెండుసార్లు చదివేస్తుంది.

మరి రిలయబిలిటీ అంత బాగా ఎందుకొచ్చింది? ఫస్టియర్ పిల్లలు ఇక్కడే ఎక్కువగా తికమకపడతారు, అందుకే కాస్త ఆగుతున్నాను. మనిషి చదివే వేగం రెండు వారాల్లో మారదు. పరీక్షలోకి ఏ నిలకడైన లక్షణం దూరినా, మార్కులు నిలకడగానే వస్తాయి. రిలయబిలిటీ లెక్కకి జ్ఞాపకశక్తీ చదివే వేగమూ వేరువేరని తెలియదు. మారకుండా ఉన్న తేడా ఏదైతే అది "నికరమైన కొలత" కింద జమ అవుతుంది. అంటే ఇక్కడ వాలిడిటీని పాడుచేసిందే రిలయబిలిటీని పెంచింది.

మా వైపు జీడిపిక్కలు కొనేవాళ్ళు ఈ పని రోజూ చేస్తారు. బస్తాని కాటా మీద ఎన్నిసార్లు పెట్టినా ఒకటే బరువు చూపిస్తుంది, కాటాలో తప్పేమీ లేదు. కానీ కొనేవాడికి కావలసింది లోపలి పప్పు. పిక్క తడిగా ఉన్నా బరువు పెరుగుతుంది. అందుకే బస్తాలోంచి గుప్పెడు పిక్కలు తీసి, కోసి, పప్పు చూసి ధర చెబుతాడు. బస్తాని పదిసార్లు తూచినా ఆ సంగతి తేలదు, కోసి చూడాల్సిందే. మేము జవాబు కాగితాల్లో టిక్కులు పెట్టడం, చదివే వేగం కొలవడం ఆ కోసి చూడడమే.

ఈ పొరపాటు పెద్ద ఎత్తున జరిగిన చరిత్ర కూడా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో, అమెరికా సైన్యంలో చేరినవాళ్ళ తెలివిని కొలవడానికి మనస్తత్వవేత్త రాబర్ట్ యెర్క్స్ బృందం రెండు పరీక్షలు తయారుచేసింది. ఇంగ్లీషు చదవగలిగినవాళ్ళకి ఆర్మీ ఆల్ఫా, చదవలేనివాళ్ళకి బొమ్మలతో ఆర్మీ బీటా. భాష అడ్డమవుతుందన్న సంగతి వాళ్ళకి ముందే తెలుసు. అయినా ఆ మార్కుల్ని తీసుకుని కార్ల్ బ్రిగమ్ అనే మనస్తత్వవేత్త 1923లో, ఫలానా దేశాల నుంచి వచ్చినవాళ్ళకి పుట్టుకతోనే తెలివి తక్కువని పుస్తకం రాశాడు. అమెరికాలో ఎక్కువ ఏళ్ళు ఉన్న వలసదారులకి ఎక్కువ మార్కులు వస్తున్నాయని ఆ లెక్కల్లోనే ఉంది. అది భాషకీ అలవాటుకీ గుర్తని ఆయన అప్పుడు ఒప్పుకోలేదు. 1930లో తన ముగింపులు నిలవవని ఆయనే రాశాడు. ఆ లోపల, 1924లో వలసల మీద కఠినమైన చట్టం వచ్చేసింది. చట్టానికి ఈ పరీక్షలే కారణమా అన్న వాదన వేరు, తప్పు కొలత ఏ స్థాయి మాటలకి ఆధారమైందో చూడడానికి మాత్రం ఈ ఉదాహరణ చాలు.

లెక్క ఇప్పటికి: రిలయబిలిటీ 0.82, చదివే వేగంతో సంబంధం 0.74. అచ్చు కార్డుల పద్ధతి ఆపేశాం.

దశ 5: చదివి వినిపిస్తే ఇంకో చిక్కు

కార్డు తీసేసి పదాల్ని పైకి చదివి వినిపించాలని నిర్ణయించాం. జవాబు కూడా రాయక్కర్లేదు, నోటితో చెబితే చాలు. దాంతో చదవడం, రాయడం రెండూ పరీక్షలోంచి తప్పుకుంటాయి. కార్డు చూసే సమయం పెంచితే సరిపోదా అని తరగతిలో ఒకరు అడిగారు. సరిపోదు. మెల్లగా చదివేవాళ్ళు జాబితా ఒకసారి పూర్తిచేసేలోపు, వేగంగా చదివేవాళ్ళు రెండుమూడుసార్లు చదివి బట్టీ పడతారు. తేడా తగ్గకపోగా చోటు మారుతుంది.

మరో రెండు జాబితాలు తయారుచేశాం. ఒక్కొక్కరినే పిలిచి, కొందరికి నేను, కొందరికి మా సహోద్యోగి చదివి వినిపించాం. ఈసారి ఇంకొందరు మానేయడంతో 30 మంది మిగిలారు. రెండు వారాల తేడాతో వచ్చిన గుణకం 0.48. చదివే వేగంతో సంబంధం బాగా తగ్గింది కానీ, రిలయబిలిటీ కూలిపోయింది.

దీన్ని వదిలేయడానికి లేదు. రిలయబిలిటీ వాలిడిటీకి పూచీ ఇవ్వదు, కానీ ఎంత వాలిడిటీ సాధ్యమో దానికి హద్దు మాత్రం గీస్తుంది. ఒక పరీక్షకి వేరే ఏ కొలతతోనైనా ఉండగల సంబంధం, సిద్ధాంతం ప్రకారం, దాని రిలయబిలిటీ వర్గమూలాన్ని దాటదు.

```
√0.48 = 0.69
```

అంటే మన పరీక్ష సిసలైన జ్ఞాపకశక్తినే కొలుస్తున్నా, 0.69 మించి ఆ సంగతి బయటపడదు. మార్కుల్లో కనిపించే తేడాల్లో సగం పైన గాలివాటే.

గాలివాటు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికాం. మూడు కారణాలు దొరికాయి.

మొదటిది చదివే తీరు. ఫోన్‌లో రికార్డు చేసి చూస్తే నేను పదిహేను పదాలూ 22 సెకన్లలో చదివాను, మా సహోద్యోగి 40 సెకన్లు తీసుకున్నారు. ఒక విడతలో నా దగ్గర, ఇంకో విడతలో ఆయన దగ్గర కూర్చున్న విద్యార్థికి మార్కు మారక ఏమవుతుంది?

రెండోది చప్పుడు. రోడ్డు పక్క గది. బస్సు హారన్ కొట్టినప్పుడు పోయిన పదం ఆ ఒక్కరికే పోతుంది.

మూడోది మార్కులు వేసే పద్ధతి. గొడుగు అన్న పదానికి ఒకబ్బాయి "ఛతా" అన్నాడు. అది ఒడియా మాట, అర్థం అదే. నేను మార్కు ఇచ్చాను, మా సహోద్యోగి ఇవ్వలేదు. ఇద్దరి వాదనలోనూ బలముంది. ఈ పరీక్ష వినిపించిన అదే మాటని అడుగుతోందా, అర్థాన్ని అడుగుతోందా అన్నది ముందే రాసిపెట్టుకోకపోతే ఇలాగే అవుతుంది. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకి ఒక భాషలో విన్నది ఇంకో భాషలో నోటికి రావడం సహజం, అందుకని అర్థానికే మార్కు అని నియమం రాశాం.

లెక్క ఇప్పటికి: మిగిలినవారు 30. రిలయబిలిటీ 0.48. మార్చవలసినవి 3.

దశ 6: రికార్డు చేసిన గొంతు

1. రెండు కొత్త జాబితాలు ఒకే గొంతుతో ఫోన్‌లో రికార్డు చేశాం. రెండు సెకన్లకి ఒక పదం, మొత్తం 30 సెకన్లు. గోడ గడియారం చూస్తూ చదివితే చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.
2. లోపలి గదికి మారాం. హెడ్‌ఫోన్ పెట్టి వినిపించాం.
3. ముందు మూడు పదాల మాదిరి జాబితా వినిపించి, అన్నీ సరిగ్గా తిరిగి చెప్పాకే అసలుది మొదలుపెట్టాం. వినికిడి సమస్య ఉంటే ఇక్కడే తెలుస్తుంది.
4. జవాబుల్ని రికార్డు చేసి, ఇద్దరం విడివిడిగా మార్కులు వేసి పోల్చుకున్నాం. తేడా వచ్చినచోట రాసిన నియమం చూశాం, అంతే. బతిమాలుకోవడాలు లేవు.

అదే ఎనిమిది మంది మార్కులు:

| విద్యార్థి | అచ్చు కార్డు (మొదటిది) | రికార్డు 1 | రికార్డు 2 |
|---|---|---|---|
| క | 12 | 9 | 10 |
| చ | 6 | 10 | 11 |
| ట | 9 | 8 | 9 |
| త | 5 | 7 | 6 |
| ప | 11 | 8 | 9 |
| మ | 7 | 11 | 10 |
| ర | 10 | 9 | 8 |
| స | 4 | 6 | 7 |

రికార్డు జాబితాలు రెండింటికీ మధ్య గుణకం 0.80. మొదటి రికార్డుకీ చదివే వేగానికీ మధ్య −0.09, అంటే సంబంధం లేనట్టే. 30 మందికీ కలిపి చూస్తే ఆ రెండు అంకెలూ 0.71, 0.16.

పట్టికని నిదానంగా చూడండి. మ 7 నుంచి 11కి వచ్చింది, చ 6 నుంచి 10కి. ప 11 నుంచి 8కి దిగాడు. ఎవరి జ్ఞాపకశక్తీ మారలేదు, పరీక్షలోంచి చదవడం తీసేశాం. త, స మాత్రం రెండు పద్ధతుల్లోనూ కిందే ఉన్నారు. ఇది కూడా ముఖ్యమే. అచ్చు కార్డులో తక్కువ వచ్చిన ప్రతివారికీ చదవడమే కారణం అనుకుంటే అది ఇంకో రకం తొందరపాటు.

0.82 నుంచి 0.71కి దిగిపోయామని పిల్లలు దిగులుపడ్డారు. దిగిన భాగంలో చాలావరకు చదివే వేగం పుణ్యాన వచ్చిన నిలకడే, దాన్ని పోగొట్టుకోవడం లాభం. అయినా 0.71ని పెంచే దారి ఉంది: ఒకే జాబితా మీద ఆధారపడకుండా రెండు జాబితాల మార్కులూ కలిపి ఒకే మార్కుగా తీసుకోవడం. పరీక్ష రెట్టింపు పొడవైతే రిలయబిలిటీ ఎంతవుతుందో స్పియర్‌మన్, బ్రౌన్ ఇద్దరూ విడివిడిగా 1910లో ప్రచురించిన సూత్రం చెబుతుంది.

```
(2 × 0.71) / (1 + 0.71) = 1.42 / 1.71 = 0.83
```

ఇప్పుడు గరిష్ఠ మార్కు 30. కొత్త జాబితా పాతదానికి నిజమైన జోడీ అయినప్పుడే ఈ సూత్రం పనిచేస్తుంది. ఒకదాంట్లో తేలిక పదాలు, ఇంకోదాంట్లో కష్టమైనవి ఉంటే ఈ అంకె ఊహ మాత్రమే.

లెక్క ఇప్పటికి: రిలయబిలిటీ 0.83 (రెండు జాబితాలు కలిపి, అంచనా). చదివే వేగంతో 0.16.

దశ 7: చదవడాన్ని కొలవడం లేదు, సరే. మరి జ్ఞాపకశక్తినే కొలుస్తోందా?

ఒక తప్పుడు కారణాన్ని తీసేసినంత మాత్రాన వాలిడిటీ వచ్చేసినట్టు కాదు. జ్ఞాపకశక్తినే ఇంకో దారిలో కొలిచే పరీక్షతో ఇది కలవాలి, జ్ఞాపకశక్తి కానిదాంతో కలవకూడదు. ఈ రెండువైపుల తనిఖీని క్యాంప్‌బెల్, ఫిస్క్ 1959లో ఒక పద్ధతిగా పెట్టారు.

ఇంకో దారికి ఇంటి సామాన్లు వాడాం. బల్ల మీద దువ్వెన, గరిటె, తాళంచెవి, బల్బు, టార్చిలైటు లాంటివి పదిహేను వస్తువులు పరిచి, 30 సెకన్లు చూపించి, తువ్వాలు కప్పేశాం. గుర్తున్నవి ఏ భాషలోనైనా నోటితో చెప్పమన్నాం. 30 మందికీ వచ్చినవి ఇవి:

| ఏ రెండింటి మధ్య | గుణకం |
|---|---|
| రికార్డు పరీక్ష, వస్తువుల పరీక్ష | 0.55 |
| అచ్చు కార్డు పరీక్ష, వస్తువుల పరీక్ష | 0.24 |
| వస్తువుల పరీక్ష, చదివే వేగం | 0.08 |

మొదటి రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూస్తే మొత్తం పాఠం అక్కడుంది. అచ్చు కార్డు, రికార్డు పరీక్షల రిలయబిలిటీ దాదాపు సమానం, 0.82, 0.83. అదే జ్ఞాపకశక్తిని వేరే దారిలో అడిగితే ఒకటి కలిసింది, ఇంకోటి అంతగా కలవలేదు.

0.55ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. 30 మందితో వచ్చిన గుణకం కాబట్టి అసలు విలువ దాదాపు 0.24 నుంచి 0.76 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పైగా రెండింట్లోనూ జవాబు నోటితోనే చెప్పించాం. చురుగ్గా మాట్లాడేవాళ్ళకి రెండు చోట్లా లాభం ఉంటే, ఆ 0.55లో కొంత మాటకారితనం వాటా. బిడియం ఉన్న పిల్లలు గుర్తున్న పదం కూడా గట్టిగా చెప్పకుండా ఆగిపోవడం గమనించాను. దీన్ని విడదీయాలంటే నోటితో చెప్పించకుండా, బొమ్మల్లోంచి వేలితో చూపించే మూడో పద్ధతి కావాలి.

ఇంకో హద్దు. ఈ పరీక్ష చెప్పేది విన్న మాటల్ని వెంటనే తిరిగి చెప్పగలగడం గురించే. వారం తర్వాత పాఠం ఎంత గుర్తుంటుందో ఇది చెబుతుందని ఎవరైనా అంటే, దానికి విడిగా సాక్ష్యం చూపించాలి. వాలిడిటీ పరీక్ష కాగితానికి అంటుకుని ఉండే గుణం కాదు. ఫలానా మార్కుని ఫలానా అర్థంలో, ఫలానా పనికి వాడుకోవచ్చా అన్నదానికి జవాబు అది. అదే అచ్చు కార్డుని తెలుగు గడగడా చదివే పిల్లల మధ్య వాడితే చదివే వేగం అంత అడ్డురాకపోవచ్చు. మా తరగతిలో మాత్రం వచ్చింది.

ఇప్పుడున్న స్థితి, ఎవరైనా చేస్తే

1. మార్కుల మొత్తంతో ఆగకండి. ఏ పదం ఎవరికి పోయిందో గడులు గీసి టిక్కులు పెట్టండి.
2. మార్కుని తప్పుదారి పట్టించగలదని మీకు అనుమానం ఉన్న ఒక్కదాన్నైనా విడిగా కొలవండి. మాకది చదివే వేగం. ఇంకోచోట కంటిచూపు కావచ్చు, కీబోర్డు అలవాటు కావచ్చు.
3. వినిపించే పరీక్ష అయితే మొదటిరోజు నుంచే రికార్డు చేసిన గొంతు వాడండి.
4. మార్కు నియమాలు, ముఖ్యంగా ఇంకో భాషలో చెప్పిన జవాబు సంగతి, పరీక్షకి ముందే కాగితం మీద పెట్టండి.
5. రిలయబిలిటీ అంకె పక్కన ఎన్ని రోజుల తేడాతో, ఎంతమందితో వచ్చిందో రాయండి.

మా దగ్గర మిగిలిన పని రెండు. బొమ్మల్లోంచి వేలితో చూపించే పద్ధతి ఒకటి. తరగతిలో ఇంట్లో కూడా ఒడియాయే మాట్లాడే పిల్లల కోసం ఒడియా జాబితాలు రెండోది. తెలుగు జాబితాని అనువదిస్తే పని జరగదు. ఆ భాషలో వింటే వెంటనే తెలిసే పదిహేను మాటలు ఆ పిల్లల చేతే ఎంపిక చేయించి, రికార్డు చేసి, రిలయబిలిటీ లెక్క మళ్ళీ మొదటి నుంచి వేయాలి. ఆ అంకె వచ్చేదాకా తెలుగు జాబితా మార్కులతో వాళ్ళ మార్కుల్ని పోల్చడం లేదు.